డబ్బా మీద 1000 అని ఉంది, లెక్కపెడితే 1025 వచ్చాయి: అమ్మకపు ప్రకటనలో ఏమని రాయాలి?

గౌతమి_గట్టు
మా పిల్లలు ఆడి వదిలేసిన జిగ్‌సా పజిల్ ఒకటి అమ్మేద్దామని అనుకుంటున్నాను. సరస్సు పక్కన కోట ఉన్న బొమ్మ, డబ్బా మీద 1000 ముక్కలని అచ్చు వేసి ఉంది. రాజమహేంద్రవరంలోని మా పాత వస్తువుల గుంపులో ఫోటో పెట్టగానే ఒకావిడ ‘ముక్కలన్నీ ఉన్నాయా, లెక్కపెట్టారా’ అని అడిగారు. అడగడం న్యాయమే కాబట్టి నేనూ మా వారూ దుప్పటి పరుచుకుని కూర్చుని లెక్కపెట్టాము. 1025 వచ్చాయి. తక్కువ వస్తుందేమోనని భయపడ్డాము గాని ఎక్కువ వస్తుందని అనుకోలేదు. ‘పూర్తిగా ఉంది, పైగా 25 అదనం’ అని రాసేయవచ్చునా, లేక వేరే పజిల్ ముక్కలేవో ఇందులో కలిశాయని అనుకోవాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఆ గుంపు వాళ్లు ఇచ్చిన నమూనాలో ‘ఎంతమంది ఆడవచ్చు’ అనే గడి ఉంది. జిగ్‌సాకు అక్కడ ఏమి రాస్తారు?

లంక_లచ్చన్న
ఒకరు అని రాయండి. అత్తగారు వెనక నిలబడి ‘అది అక్కడ కాదమ్మా’ అంటూ ఉంటే ఇద్దరు అని రాయండి.

కాటా_కిష్టయ్య
ఇంత శ్రమ ఎందుకండీ? వంద ముక్కలు లెక్కపెట్టి తూచండి. తర్వాత మొత్తం తూచి భాగించండి. మా తణుకు కొట్టులో మేకులూ బోల్టులూ మేము ఇలాగే లెక్క వేస్తాము, ఏ రోజూ తేడా రాలేదు.

అమలాపురం_అబ్బాయి
నా దగ్గర క్యారమ్ బోర్డు ఉంది, దానికీ ఇదే సమస్య. తెల్లవి 9, నల్లవి 8, రెడ్ 1, స్ట్రైకర్ ఉన్నాయి. ఒక నల్ల కాయిన్ మాత్రం కనపడటం లేదు. ‘పూర్తి సెట్టు’ అంటే ఎవరైనా పట్టుకుంటారా?

కాకినాడ_కొనేవాడు
@అమలాపురం_అబ్బాయి మొదటి ఆటలోనే పట్టుకుంటారు. నల్లవి 9 ఉండాలని చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. విడి కాయిన్ కొని వేస్తే ఆ సంగతి కూడా రాయండి, ఎందుకంటే మందంలో కొంచెం తేడా ఉన్నా అది బోర్డు మీద వేరే తీరుగా జారుతుంది. అయినా ఇక్కడ అడిగినది జిగ్‌సా గురించి.

ముక్కల_మాస్టారు
@గౌతమి_గట్టు అదనం అని దయచేసి రాయవద్దు. మీ దగ్గర ఎక్కువ ఉన్నాయని కాదు, బహుశా ఒకటి తక్కువ ఉంది.

డబ్బా మీద వేసే 1000 అనేది చాలాసార్లు దగ్గరి సంఖ్య మాత్రమే. ముక్కలను కోసే అచ్చు వరుసలుగా, నిలువులుగా ఉంటుంది కాబట్టి మొత్తం ముక్కలు ఎప్పుడూ పొడవు, వెడల్పుల గుణకారమే అవుతాయి. బొమ్మ నిష్పత్తికి, ముక్క ఆకారానికి కుదిరేటట్టు కోసినప్పుడు సరిగ్గా వెయ్యి రావాలనే నియమం లేదు. 40 × 25 కోస్తే 1000 వస్తాయి. 38 × 27 కోస్తే 1026 వస్తాయి, ఇది చాలా మామూలుగా కనిపించే కోత. అలాగే 500 అని రాసిన వాటిలో 27 × 19 కోత ఉంటే అసలు ముక్కలు 513. మీకు 1025 వచ్చిందంటే నా అనుమానం మొదట 1026 మీదకే పోతుంది.

ఊహ అవసరం లేదు, తేల్చుకోవచ్చు. ముందు అంచు ముక్కలను మాత్రమే ఏరి చట్రం పేర్చండి. తర్వాత పై అంచులో మూలలు రెండూ కలుపుకుని ఎన్ని ఉన్నాయో, పక్క అంచులో మూలలు కలుపుకుని ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి గుణించండి. అసలు ఎన్ని ఉండాలో డబ్బా కాక ఆ చట్రమే చెబుతుంది.

గౌతమి_గట్టు
చట్రం పేర్చకుండా, అంచు ముక్కలను కుప్పగా పోసి లెక్కపెట్టుకుంటే సరిపోదా? ఇంట్లో అంత పెద్ద బల్ల లేదు.

ముక్కల_మాస్టారు
సరిపోదండీ, అందులో ఒక తమాషా ఉంది. 40 × 25 కోతలో అంచు ముక్కలు 40, 40, 23, 23 కలిపి 126. 38 × 27 కోతలో 38, 38, 25, 25 కలిపితే అదీ 126. కుప్పలో 126 చూసి మీకు తెలిసేది అంచు పూర్తిగా ఉందని మాత్రమే, మొత్తం 1000 ఉండాలో 1026 ఉండాలో తెలియదు. కనీసం ఒక పొడవాటి అంచు పేర్చి చూడవలసిందే. బల్ల లేకపోతే నేల మీద నున్నటి ప్లైవుడ్ ముక్క వేసుకోండి. దుప్పటి మీద మాత్రం వద్దు, ముడతలో ఒకటి దాగిందంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

కాటా_కిష్టయ్య
గుణకారాలు బాగానే ఉన్నాయి గాని నా పద్ధతిని ఎవరూ పట్టించుకోలేదు. తూచితే పది నిమిషాలలో తేలిపోతుంది.

యానాం_గాలి
@కాటా_కిష్టయ్య మేకుకూ అట్ట ముక్కకూ తేడా ఉందండీ. ఇలాంటి ముక్క ఒక్కొక్కటి దాదాపు అర గ్రాము ఉంటుంది. వంటింటి కాటా ఒక గ్రాము కన్నా చిన్న తేడాను చూపదు. అంటే ఒక ముక్క పోయిన సంగతి దానికి తెలియనే తెలియదు. పైగా అట్ట చెమ్మను పీల్చుకుంటుంది. శ్రావణ మాసంలో మా ఊరి గాలిలో బరువు వందకు ఒక వంతు మారినా, అయిదు వందల గ్రాముల కుప్పలో అది అయిదు గ్రాములు, అంటే పది ముక్కలంత తేడా.

కాటా_కిష్టయ్య
వంద ముక్కలనూ మొత్తాన్నీ ఒకే పూట తూచితే చెమ్మ రెండింటికీ సమానమే కదా?

యానాం_గాలి
ఆ మాట నిజమే. అయినా వంద ముక్కల బరువులో అర గ్రాము అటూ ఇటూ అయితే, వెయ్యికి వచ్చేసరికి ఆ తేడా పది రెట్లవుతుంది. పైగా అంచు ముక్కా మధ్య ముక్కా ఒకే విస్తీర్ణంలో ఉండవు, మీరు ఏ వంద తీసుకున్నారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. వంద ముక్కలు పోయాయా అని చూడటానికి కాటా పనికి వస్తుంది, ఒకటి పోయిందా అని చూడటానికి పనికి రాదు.

కాటా_కిష్టయ్య
సంతలో పాత డబ్బా కొనేటప్పుడు నాకు ఆ మాత్రం చాలు. సగం డబ్బా ఖాళీ అయిందో లేదో చేతితో ఎత్తి చూడటం కన్నా నయం కదండీ.

ముక్కల_మాస్టారు
కొనేవారిగా కిష్టయ్యగారి మాటను ఒప్పుకుంటాను. ‘అన్నీ ఉన్నాయి’ అని రాసి అమ్మేవారికి మాత్రం అది ఆధారం కాదు.

రావులపాలెం_రజని
లెక్కపెట్టేటప్పుడు మేము 25 చొప్పున కుప్పలు పెడతాము. పదేసి పెడితే వందకు పైగా కుప్పలు అవుతాయి, అక్కడ మళ్లీ తప్పు దొర్లుతుంది. @గౌతమి_గట్టు మీ 1025 నిజమైతే సరిగ్గా 41 కుప్పలు వచ్చి ఏదీ మిగలకూడదు. ఒకటి మిగిలితే 1026, అప్పుడు మీరు నిశ్చింతగా ఉండవచ్చు. ఇంకొకరి చేత కూడా విడిగా లెక్కపెట్టించండి, మొదటి లెక్క ఎంతో వాళ్లకు చెప్పకండి.

గౌతమి_గట్టు
రజనిగారు చెప్పినట్టు చేశాము. 41 కుప్పలు, మిగులు లేదు. పై అంచు పేర్చి చూస్తే 38, పక్క అంచు 27. అంటే 1026 ఉండాలి, ఒకటి లేదు. మాస్టారి అనుమానం నిజమైంది. ఇప్పుడు ‘ఒక ముక్క లేదు’ అని రాసి పెట్టేయనా?

కాకినాడ_కొనేవాడు
ఏది లేదో రాయకుండా ‘ఒకటి లేదు’ అంటే నేను కొనను. ఆకాశంలో ఒక నీలం ముక్క లేకపోతే గోడకు పెట్టినప్పుడు ఎవరి కంటా పడదు. కోట గోపురం మీదైతే బొమ్మంతటిలో అదే కనపడుతుంది.

ముక్కల_మాస్టారు
కొనేవాడుగారు చెప్పినదే కాక ఇంకొక కారణం కూడా ఉంది. లెక్క 1025 వచ్చిందంటే ఒకటి పోయిందని ఖాయంగా చెప్పలేము. రెండు పోయి, వేరే డబ్బాలోంచి ఒకటి వచ్చి చేరినా 1025 వస్తుంది. లెక్క సంఖ్యను చెబుతుంది గాని ముక్క ఎవరిదో చెప్పదు. పిల్లలున్న ఇంట్లో రెండు పజిళ్లు ఒకేసారి నేల మీదకు వచ్చి ఉంటే ఈ అనుమానం తప్పదు. పూర్తిగా పేర్చి చూడటం ఒక్కటే అసలైన పరీక్ష.

రావులపాలెం_రజని
అంతా పేర్చాలంటే చాలా మంది అమ్మడమే మానేస్తారు మాస్టారూ. తక్కువ ధర వస్తువుకు అంత సమయం ఎవరు పెడతారు? ‘లెక్కపెట్టాము, పేర్చలేదు’ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలదా?

ముక్కల_మాస్టారు
చాలుతుందమ్మా. ‘లెక్కపెట్టాము’, ‘పేర్చి చూశాము’, ‘చూడలేదు’ అనే మూడూ వేర్వేరు మాటలు, మూడింటిలో ఏది రాసినా నిజాయితీయే. మూడింటినీ కలిపి ‘పూర్తిగా ఉంది’ అని రాయడంతోనే గొడవ.

కాకినాడ_కొనేవాడు
నా అనుభవం చెబుతాను. ‘100 అక్షరాలూ ఉన్నాయి’ అన్న మాట నమ్మి ఒక ఇంగ్లీషు స్క్రాబుల్ కొన్నాను. లెక్కపెడితే నిజంగానే 100 ఉన్నాయి. ఆటలో కూర్చున్నాక Q రానే రాలేదు. విడివిడిగా చూస్తే E లు 12 ఉండవలసిన చోట 13 ఉన్నాయి. ఎవరో వేరే సెట్టులోని ఒక E తెచ్చి సంఖ్య నింపారు. దాని చెక్క రంగు కొంచెం ముదురు, సంచిలో చేయి పెడితే అంచు తేడా వేలికి తెలుస్తుంది. ఇంట్లో ఆడుకోవచ్చు గాని పందెం వేసి ఆడే వాళ్లకు పనికి రాదు. అందుకే మొత్తం ఎంత అన్నది కాక అక్షరాల వారీగా అడుగుతున్నాను ఇప్పుడు. ఖాళీ బిళ్లలు రెండూ ఉన్నాయా అన్నది మొట్టమొదట అడుగుతాను, ఎందుకంటే చాలామంది వాటిని పనికిరాని బిళ్లలనుకుని పారేస్తారు.

లంక_లచ్చన్న
పేకలో ముక్క పోతే జోకరు మీద పేరు రాసి కానిచ్చేస్తాము. మా వైపు ఆట ఆగితే ఊరు ఆగినట్టే, ఆయ్.

భీమవరం_బోర్డు
ఆటగాళ్ల సంఖ్య గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అక్కడే చిక్కు వచ్చింది. నేను అమ్ముతున్నది కటాన్ అనే బోర్డు ఆట. డబ్బా మీద 3 నుంచి 4 మంది అని ఉంది. ఒక్కొక్క రంగుకు రోడ్లు 15, ఊళ్లు 5, పట్టణాలు 4, అంటే 24 చెక్క ముక్కలు ఉండాలి. ఎరుపు, తెలుపు, నారింజ పూర్తిగా ఉన్నాయి. నీలంలో రోడ్లు 13 మాత్రమే ఉన్నాయి. ప్రకటనలో 3–4 అని రాయవచ్చునా, 3 అని రాయాలా?

కాకినాడ_కొనేవాడు
3 అని రాయాలి. నలుగురం కూర్చుంటే నీలం వాడికి అన్యాయం జరుగుతుంది.

రావులపాలెం_రజని
ఒక ఆటలో పదిహేను రోడ్లూ వేసేసే వాళ్లు అరుదు. రెండు అగ్గిపుల్లలు పెట్టుకుంటే నలుగురూ ఆడవచ్చు. ఆ రెండింటి కోసం ‘3’ అని రాస్తే మంచి ఆటను చేతులారా తక్కువ చేసుకున్నట్టే.

ముక్కల_మాస్టారు
రెండు మాటలూ రాయండి: ‘డబ్బా ప్రకారం 3–4 మంది, ఉన్న ముక్కలతో ముగ్గురికి పూర్తిగా సరిపోతుంది, నాలుగో రంగులో రెండు రోడ్లు తక్కువ’. డబ్బా మీది సంఖ్య ఆట స్వభావం, మీ దగ్గర ఉన్న సంఖ్య వస్తువు పరిస్థితి. ముగ్గురే ఉన్న ఇంటివారికి మీ పెట్టె పూర్తి పెట్టెతో సమానం. సరుకుల కార్డులు కూడా కట్టగా లెక్కపెట్టకుండా రకాల వారీగా చూడండి. అయిదు రకాలు, ఒక్కొక్కటి 19, మొత్తం 95 ఉండాలి. కొత్తగా కొనేవారు ముందు చెక్క ముక్కలు చూస్తారు గాని, పోయేది ఎక్కువగా కార్డులే.

భీమవరం_బోర్డు
95 ఉన్నాయి, రకాల వారీగా కూడా సరిపోయాయి. నియమాల పుస్తకం లేదు గాని అది నెట్లో దొరుకుతుంది కాబట్టి రాయనక్కర లేదనుకుంటున్నాను.

కాకినాడ_కొనేవాడు
దొరుకుతుందన్న సంగతి మీకు తెలుసు, కొనేవారికి తెలియకపోవచ్చు. ఒక్క వాక్యమే కదండీ, రాయండి.

అమలాపురం_అబ్బాయి
క్యారమ్‌కు నల్ల కాయిన్ దొరికింది. బోర్డు అడుగున చట్రంలో ఇరుక్కుని ఉంది. ముక్క పోయిందని రాసే ముందు పెట్టెను తిరగేసి చూడమని అందరికీ మనవి.

గౌతమి_గట్టు
దసరా సెలవులకు పిల్లలు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి మొత్తం పేర్చించాను. మాస్టారు భయపెట్టినదే జరిగింది. రెండు చోట్ల ఖాళీ ఉంది, చేతిలో ఒక ముక్క మిగిలింది. ఖాళీలు ఒకటి ఆకాశంలో ఎడమ వైపు, రెండోది కోట కింద నీటి నీడలో. మిగిలిన ముక్కను ఆ రెండు చోట్లా పెట్టి చూశాము, దేనిలోనూ కూర్చోలేదు. తిప్పి చూస్తే మా ముక్కల వెనుక భాగం బూడిద రంగు, దానిది తెలుపు. మందం కూడా కొంచెం ఎక్కువ. మా చిన్నదాని జంతువుల పజిల్‌లోనిదని అది ఒప్పుకుంది.

రావులపాలెం_రజని
అంటే వెనుక వైపు రంగు ముందే చూసి ఉంటే, పేర్చకుండానే ఆ పరాయి ముక్క దొరికేది కదా? అన్నిటినీ బోర్లా పరిచి ఒకసారి చూస్తే చాలు.

ముక్కల_మాస్టారు
రజనిగారి ఉపాయం బాగుంది, లెక్కపెట్టేటప్పుడే చేయదగినది. ఒక పరిమితి మాత్రం ఉంది. ఒకే కంపెనీ వేర్వేరు బొమ్మలను ఒకే అచ్చుతో కోయడం మామూలు. అప్పుడు వెనుక రంగూ మందమూ ఒకటే కావడమే కాక, పరాయి ముక్క ఖాళీలో చక్కగా కూర్చుంటుంది కూడా. అక్కడ బొమ్మను చూసి పట్టుకోవాలి, ఆకారాన్ని నమ్మితే మోసపోతాము. ఇంకొకటి, వరుసలు లేకుండా వంకరటింకరగా కోసిన పజిళ్లూ గుండ్రటి పజిళ్లూ ఉన్నాయి, వాటికి ఈ పొడవు వెడల్పుల గుణకారం పనిచేయదు, పేర్చడమే దారి.

గౌతమిగారూ, మీ ప్రకటన నేనైతే ఇలా రాస్తాను:

‘జిగ్‌సా పజిల్, సరస్సు పక్కన కోట బొమ్మ. డబ్బా మీద 1000 అని ఉన్నా అసలు కోత 38 × 27, అంటే 1026 ముక్కలు. మొత్తం పేర్చి చూశాము. 1024 ఉన్నాయి, 2 లేవు: ఆకాశంలో ఎడమ వైపు ఒకటి, నీటి నీడలో ఒకటి. అంచు ముక్కలు 126 అన్నీ ఉన్నాయి. పేర్చిన తర్వాత తీసిన ఫోటో జత చేశాము, ఖాళీల దగ్గర గుర్తు పెట్టాము. ఒక్కరైనా, నలుగురు కలిసైనా పేర్చవచ్చు.’

ఫోటోను నేరుగా పై నుంచి, నాలుగు మూలలూ పడేటట్టు తీయండి. పక్క నుంచి తీస్తే ఖాళీలు వెలుగు మరకల్లా కనిపిస్తాయి, దాచారని అనుకుంటారు.

యానాం_గాలి
చెమ్మ సంగతి కూడా ఒక వాక్యం చేర్చండి. మన వైపు డబ్బా అటక మీద ఒక్క వానాకాలం గడిపితే చాలు, కొన్ని ముక్కల మూలల దగ్గర బొమ్మ కాగితం అట్ట నుంచి పైకి లేస్తుంది. అలాంటివి ఉంటే ఎన్నో రాయండి. లెక్కలో అవి ఉన్నట్టే గాని పక్క ముక్కలో బిగువుగా కూర్చోవు.

గౌతమి_గట్టు
అలాంటివి నాలుగు ఉన్నాయి, రాస్తాను. పేర్చినది విప్పాక జిప్ కవర్లో వేసి, ఆ కవరును డబ్బాలో పెట్టాను. మిగతా ప్రశ్న ధర. కొత్తది కొన్న ధరలో సగం అడగవచ్చునా?

కాకినాడ_కొనేవాడు
సగం ఎక్కువ. ఖాళీ ఉన్న పజిల్‌ను గోడకు పెట్టుకునే వారు కొనరు, కొనేవారంతా పేర్చే సరదా కోసమే కొంటారు. నాలుగో వంతు ఇస్తాను.

రావులపాలెం_రజని
పేర్చే సరదా 1024 ముక్కలలోనూ అంతే ఉంటుంది కదా? పైగా ఏవి లేవో తెలిసి పేర్చేవాడు చివర్లో సోఫా కింద వెతుక్కోనక్కర లేదు. నేనైతే మూడో వంతుకు తక్కువ ఇవ్వను.

లంక_లచ్చన్న
ఆకాశం ముక్కకు నీలం చార్టు కత్తిరించి అతికించేస్తే 1025 అవుతుంది, మళ్లీ మొదటి లెక్కకు వచ్చేస్తారు.

ముక్కల_మాస్టారు
పక్క ముక్కల ఆకారం కాగితం మీద గీసుకుని, అదే మందం అట్టతో చేసి రంగు వేసే వారు ఉన్నారు, చూడటానికి బాగానే ఉంటుంది. చేస్తే మాత్రం వెనుక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ‘చేతితో చేసినది 1’ అని ప్రకటనలో విడిగా రాయండి. దాన్ని 1024లో కలపకండి.

గౌతమి_గట్టు
చేతిపని నా వల్ల కాదు, ఉన్నది ఉన్నట్టే పెడుతున్నాను. మొదట అడిగిన ఆవిడ ప్రకటన చదివి ‘డబ్బా మీద 1000 అని ఉంది, మీ దగ్గర 1024 ఉన్నాయి, మరి రెండు తక్కువ అంటారేమిటి’ అని అడుగుతున్నారు. ఆవిడకు చట్రం ఫోటో పంపి పై అంచు లెక్కపెట్టుకోమని చెప్పాను, ఇంకా జవాబు రాలేదు.